జీతం పెంచాలంటే ముందు పీసులు పెరగాలా? తిరుప్పూర్ కుట్టు షెడ్డు లెక్క

తిరుప్పూర్‌లో ఎగుమతి కంపెనీల కోసం టీషర్టులు కుట్టిపెట్టే జాబ్‌వర్క్ షెడ్లు వందల్లో ఉన్నాయి. గుడ్డ కంపెనీదే, డిజైన్ కంపెనీదే. కుట్టి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి ఇచ్చినందుకు షెడ్డు యజమానికి పీసుకు ఇంత అని కూలి వస్తుంది. అలాంటి షెడ్డులో కార్మికులు తలకు రోజుకు 60 రూపాయలు పెంచమని అడిగారనుకుందాం. యజమాని నోటీసు బోర్డు మీద తమిళంలోనూ, బీహార్, ఒడిశా నుంచి వచ్చినవాళ్ల కోసం హిందీలోనూ ఒక లేఖ అంటిస్తాడు. 'ముందు ఉత్పత్తి పెరగనివ్వండి, తర్వాత జీతం తప్పకుండా పెంచుతాను' అన్నది దాని సారాంశం.

ఈ మాట కార్మికులకు కొత్త కాదు. చాలాసార్లు ఇది వాయిదా వేయడానికి చెప్పే సాకే. అయితే దీని వెనుక నిజమైన లెక్క కూడా ఒకటుంది. లేఖలో ఆ లెక్క ఉందా, లేదా అన్నదాన్ని బట్టే దాన్ని నమ్మాలో వద్దో తేలుతుంది.

ఉదాహరణకు షెడ్డులో 40 కుట్టు మిషన్లు, హెల్పర్లు, చెకింగ్, ఇస్త్రీవాళ్లతో కలిపి 60 మంది ఉన్నారనుకుందాం. ఒక టీషర్టు మొత్తం కుట్టడానికి పట్టాల్సిన ప్రామాణిక సమయం 8 నిమిషాలు. దీన్నే ఫ్యాక్టరీల్లో శామ్ అంటారు. 40 మంది 8 గంటలు కూర్చుంటే 19,200 నిమిషాలు. ఒక్క నిమిషం కూడా వృథా కాకపోతే 2,400 పీసులు రావాలి. వచ్చేది మాత్రం 1,080. అంటే సామర్థ్యం 45 శాతం.

పీసుకు 40 రూపాయల చొప్పున రోజుకు ఆదాయం 43,200. సగటు కూలి 480 చొప్పున 60 మందికి 28,800. దాని మీద పీఎఫ్, ఈఎస్ఐ యజమాని వాటా, చట్టం ప్రకారం ఇవ్వాల్సిన కనీస బోనస్ కలిపి సుమారు 24 శాతం, అంటే దాదాపు 6,900. అద్దె, కరెంటు, దారం, సూదులకు 5,000. మిషన్ల అప్పు కిస్తీకి 1,200. ఇవన్నీ పోగా మిగిలేది 1,300.

ఇప్పుడు 60 రూపాయల పెంపు సంగతి చూద్దాం. 60 మందికి 3,600, దాని మీద పీఎఫ్ వగైరా కలిపితే రోజుకు దాదాపు 4,460. ఉన్న మిగులు 1,300 మాత్రమే కాబట్టి రోజుకు మూడు వేలకు పైగా నష్టం. పెంపు ఖర్చంతా కంపెనీ దగ్గర రాబట్టాలంటే పీసుకు నాలుగు రూపాయలకు పైగా ఎక్కువ అడగాలి. పక్క వీధి షెడ్డు పాత రేటుకే కుడుతున్నప్పుడు అది కుదిరే పని కాదు.

ఇంతవరకు యజమాని చెప్పింది న్యాయమే. కానీ అదే లెక్కను మరో అడుగు ముందుకు వేస్తే ఇంకో విషయం బయటపడుతుంది. అద్దె, కిస్తీ, రోజు కూలి ఎలాగూ కట్టేవే కాబట్టి, అదనంగా వచ్చే ప్రతి పీసులో దారం, కరెంటుకు నాలుగు రూపాయలు పోయినా 36 మిగులుతాయి. 4,460 రాబట్టడానికి కావాల్సింది 124 పీసులు. అంటే సామర్థ్యం 45 నుంచి 50 శాతానికి చేరితే చాలు. కార్మికులు అడిగిన పెంపుకూ షెడ్డు పరిస్థితికీ మధ్య ఉన్న దూరం ఆ అయిదు శాతమే.

ఆ అయిదు శాతం ఎక్కడ పోతోంది? చేతివేగంలో పోతున్నది తక్కువ. కటింగ్ ముక్కలు ఆలస్యంగా వస్తాయి. మెడపట్టీ వేసే ఒక్క మిషన్ ముందు కట్టలు గుట్టపడి ఉంటే, దాని తర్వాతి మిషన్ల దగ్గర మనుషులు ఖాళీగా కూర్చుంటారు. కుట్టు వదులై వెనక్కి వచ్చిన పీసు రెండుసార్లు నిమిషాలు తింటుంది. మూడు రోజులకో స్టైల్ మారితే ప్రతిసారీ మొదటి రోజు సగం పోతుంది. వీటిలో ఎక్కువ భాగం సరిచేయాల్సింది యజమాని, సూపర్‌వైజరే. ముంబై దగ్గరి తారాపూర్, ఉంబర్‌గావ్‌లలోని నేత మిల్లుల మీద నికొలస్ బ్లూమ్ బృందం 2013లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయాన్నే చూపింది. లోపాలు నమోదు చేయడం, మిషన్ల నిర్వహణ, సరుకు నిల్వల లెక్క వంటి నిర్వహణ పద్ధతులు మార్చగానే తొలి ఏడాదిలోనే ఉత్పాదకత 17 శాతం పెరిగింది. కాబట్టి 'మీరు ఎక్కువ కుట్టండి' అని మాత్రమే రాసిన లేఖ సగం లేఖే.

మరి పెంపు ముందే ఇచ్చేస్తే ఉత్పత్తి దానంతట అది రాదా? హెన్రీ ఫోర్డ్ 1914 జనవరిలో రోజుకు 5 డాలర్లు ప్రకటించాక పని మానేసి పోయేవాళ్లు బాగా తగ్గారు. వలస కార్మికులు పండక్కి ఊరెళ్లి తిరిగిరాని తిరుప్పూర్‌కూ ఇది వర్తించే మాటే. అయితే కదిలే అసెంబ్లీ లైను అంతకు ముందే, 1913లోనే ఫోర్డ్ ఫ్యాక్టరీలోకి వచ్చేసిందన్నది మరిచిపోకూడదు. నెలకు 35 వేలు కూడా మిగలని షెడ్డుకు ఆ పందెం కాసే స్తోమత ఉండదు.

శాశ్వత పెంపు అన్న మాట దగ్గర యజమాని భయం కూడా అర్థం చేసుకోదగ్గదే. ఒకసారి మూల వేతనంలో కలిసిన 60 రూపాయలు ఆర్డర్లు తగ్గిన నెలలోనూ ఇవ్వాల్సిందే. అందుకే తొలి నెల నుంచే మిగులులో వాటాను ప్రోత్సాహకంగా ఇస్తూ, వరుసగా మూడు, నాలుగు నెలలు 50 శాతం నిలిస్తే దాన్ని మూల వేతనంలో కలపడం రెండు పక్షాలకూ ఆమోదయోగ్యమైన పద్ధతి. కొలిచేది పీసుల్లో కాకుండా నిమిషాల్లో ఉండాలి. లేకపోతే సులువైన స్టైల్ వచ్చిన నెల పెరిగినట్టూ, కాలరు, జేబు ఉన్న చొక్కా వచ్చిన నెల తగ్గినట్టూ కనిపిస్తుంది. ఓవర్‌టైమ్‌లో కుట్టినవి ఈ లెక్కలోకి రాకూడదు. ఎక్కువ గంటలు పనిచేయడం ఉత్పాదకత కాదు, దానికి చట్టం ప్రకారం రెట్టింపు కూలి వేరే ఉంది.

అన్నిటికన్నా కార్మికులు భయపడేది ఇంకొకటి. లక్ష్యం చేరగానే యజమాని ఆ లక్ష్యాన్నే పెంచేస్తాడు. నిన్న గంటకు 60 పట్టీలు వేసినవాడికి రేపటి నుంచి 70 అంటాడు. ఇది ఒకసారి జరిగితే చాలు, ఆ తర్వాత అనుభవమున్న ఏ టైలరూ తన అసలు వేగం చూపించడు. అందుకే మిషన్ గానీ పద్ధతి గానీ మారితే తప్ప శామ్ మార్చబోనని యజమాని రాతపూర్వకంగా ఇవ్వాలి. రోజువారీ నిమిషాల పట్టిక అందరికీ కనిపించేలా బోర్డు మీద ఉండాలి.

ఈ వాదన ఎక్కడ ఆగిపోవాలో కూడా లేఖలో ఉండాలి. ప్రభుత్వం ప్రకటించిన కనీస వేతనానికి ఉత్పాదకత షరతు పెట్టడం చెల్లదు. కనీస వేతనం కూడా ఇవ్వలేని పరిశ్రమకు మనుగడ సాగించే హక్కు లేదని సుప్రీంకోర్టు క్రౌన్ అల్యూమినియం వర్క్స్ కేసులో 1957లోనే చెప్పింది. లెక్కంతా ఆ గీతకు పైన ఉన్న పెంపు గురించే.

ఇక అయిదు శాతం నిజంగానే పెరిగాక వచ్చే చిక్కు బయటి నుంచి వస్తుంది. షెడ్డు వేగం పెరిగిందని తెలియగానే కంపెనీ మర్చండైజర్ తర్వాతి ఆర్డరుకు పీసు రేటు 38కి దించమంటాడు. రోజుకు 1,204 పీసుల మీద రెండు రూపాయలు తగ్గితే 2,400 పోయినట్టే, అంటే పెంపు ఖర్చులో సగానికి పైగా. యజమాని దానికి ఒప్పుకుని బోర్డు మీద ఇంకో లేఖ అంటిస్తాడా, లేక రేటు బేరం ముగిసేలోపే పెంపును మూల వేతనంలో కలిపి, 'నా ఖర్చు ఇది, ఇంతకన్నా దిగలేను' అని కంపెనీకి చెబుతాడా అన్నది అప్పుడు తేలుతుంది.