ఖాళీగా కనిపించే పేరు ఎందుకు దొరకదు?

2013 జూన్‌లో యాహూ ఒక ప్రకటన చేసింది. ఏడాదికి పైగా ఎవరూ లాగిన్ కాని ఐడీలను వెనక్కి తీసుకుని, కావాలన్నవాళ్ళకు ఇచ్చేస్తామంది. అప్పటిదాకా పేరు చివర నాలుగంకెలు తగిలించుకుని నెట్టుకొస్తున్నవాళ్ళకు అది మంచి కబురే. కోరుకున్న పేర్లు జూలైలో రాసిస్తే, ఏది దక్కిందో ఆగస్టులో చెబుతామన్నారు. తీసుకున్న జాగ్రత్తలు కూడా వివరించారు. ఐడీని కొత్తవాళ్ళ చేతికిచ్చే ముందు కనీసం 30 రోజులు ఖాళీగా ఉంచుతారు. ఆ రోజుల్లో వచ్చే ఉత్తరాలన్నీ తిరుగుటపాలో వెళ్ళిపోతాయి. ఈ చిరునామా ఇక లేదని పంపినవాళ్ళకు అర్థమైపోతుందని యాహూ లెక్క.

ఆ లెక్క తప్పింది. సెప్టెంబరుకల్లా కొత్త యజమానుల ఇన్‌బాక్సుల్లో పాత యజమానుల ఉత్తరాలు పడసాగాయి. అలా ఐడీ పొందిన ఒక కంప్యూటర్ భద్రతా నిపుణుడు తనకు వచ్చినవాటిని ఇన్ఫర్మేషన్ వీక్ పత్రికకు వివరించాడు. పాత మనిషి పేరు, ఇంటి చిరునామా, ఫోన్ నంబరు, ఆయన బిడ్డ చదివే బడి, సోషల్ సెక్యూరిటీ నంబరులో చివరి నాలుగంకెలు, కళ్ళ డాక్టరు దగ్గర అపాయింట్‌మెంటు, ఆఖరికి ఒక స్నేహితుడి పెళ్ళి పిలుపు కూడా. తలుచుకుంటే ఆ మనిషి ఫేస్‌బుక్ ఖాతాలోకి కూడా వెళ్ళగలనని, తాను మాత్రం ఆ పని చేయనని చెప్పాడు. అతను మంచివాడు కాబట్టి సరిపోయింది.

ఇది ఎలా జరిగిందో చూస్తే, వేదికలు పేర్లను ఎందుకు వదలవో చాలావరకు తెలుస్తుంది. యాహూలో ఆ మనిషి ఖాతా పోయింది. కానీ పదేళ్ళుగా ఆయన ఎక్కడెక్కడ ఆ చిరునామా ఇచ్చాడో ఆ బ్యాంకులకు, బడులకు, దుకాణాలకు ఆ సంగతి తెలియదు. ‘పాస్‌వర్డ్ మర్చిపోయాను’ అని ఎవరు నొక్కినా అవి కొత్త పాస్‌వర్డ్ లింకును పాత చిరునామాకే పంపుతాయి. మన దగ్గర మొబైల్ నంబర్లతో జరిగేదీ ఇదే. రద్దయిన నంబరును కనీసం 90 రోజులపాటు వేరొకరికి కేటాయించరు. ఆ తర్వాత ఎవరికైనా వెళ్ళవచ్చు. కొత్త సిమ్ తీసుకున్నవాళ్ళకు ఎవరిదో బ్యాంకు ఓటీపీ రావడం అందుకే.

యాహూ తర్వాత ఫేస్‌బుక్‌తో కలిసి మందు వెతికింది. వాళ్ళు రాసిన పద్ధతి 2014లో ఇంటర్నెట్ ప్రమాణంగా వెలువడింది. పంపేవాళ్ళు ఉత్తరం తలకట్టులో ఇలాంటి ఒక వరుస చేరుస్తారు:

```
Require-Recipient-Valid-Since: ravi@example.com; Mon, 1 Jun 2009 09:30:00 +0530
```

అంటే 2009 జూన్ 1 నుంచి ఈ చిరునామా ఒకే మనిషిది అయితేనే ఉత్తరం అందించాలి, మధ్యలో చేతులు మారి ఉంటే తిప్పి పంపాలి. ఆలోచన చక్కగానే ఉంది. కానీ పంపే ప్రతి సంస్థా ఆ వరుస చేర్చాలి, అందుకునే ప్రతి సర్వరూ దాన్ని చదివి పాటించాలి. లోకమంతా పాటించేదాకా పూర్తి రక్షణ లేనట్టే. గూగుల్ అయితే నేరుగా తలుపు మూసేసింది. రెండేళ్ళు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించే విధానం తెచ్చినా, అలా పోయిన జీమెయిల్ చిరునామాను మాత్రం మళ్ళీ ఎవరికీ ఇవ్వదు.

సోషల్ మీడియాలో ఉత్తరాల బెడద తక్కువే. ఇక్కడి చిక్కు వేరు. పాత పోస్టుల్లో, వార్తల్లో, విజిటింగ్ కార్డుల మీద @ గుర్తుతో ఉన్న ప్రతి ప్రస్తావనా కొత్త మనిషి వైపు తిరుగుతుంది. పాత యజమానిని నమ్మినవాళ్ళు ఆ పేరు చూసి కొత్తవాణ్ణీ నమ్ముతారు. పైగా ఒక ఖాతా నిద్రపోతోందో లేదో బయటినుంచి చెప్పలేం. పోస్టు సున్నా, ఫోటో లేదు అనుకున్న మనిషి రోజూ లాగిన్ అయి ఇతరులవి చదువుకుంటూ ఉండవచ్చు. ఆ సంగతి కంపెనీకి తెలుస్తుంది, మనకు తెలియదు.

లాగిన్ కానివాళ్ళందరూ వదిలేసినవాళ్ళూ కారు. 2019 నవంబరులో ట్విటర్ ఆరు నెలలకు పైగా లాగిన్ కాని ఖాతాలను తొలగిస్తామని, డిసెంబరు 11 గడువని ప్రకటించింది. వెంటనే చనిపోయినవారి బంధువుల నుంచి నిరసన వచ్చింది. వాళ్ళకు ఆ ఖాతాలు తమవాళ్ళ మాటలు దొరికే చోటు. మర్నాడే కంపెనీ పొరపాటు ఒప్పుకుని, మృతుల ఖాతాలను స్మారకంగా నిలిపే ఏర్పాటు చేసేదాకా తొలగింపు ఆపింది. పేరు కోరుకునేవాళ్ళ ఆశ కన్నా ఆ బంధువుల అభ్యంతరమే బలమైనది, అలాగే ఉండాలి కూడా.

ఇక డబ్బు సంగతి. పొట్టి పేర్లకు చీకటి బజారుంది. అమెరికన్ జర్నలిస్టు మ్యాట్ హోనన్ ట్విటర్ పేరు మూడే అక్షరాలు: @mat. 2012లో దొంగలు ఆ పేరు కోసం అమెజాన్, యాపిల్ సిబ్బందిని ఫోన్లో మభ్యపెట్టి ఆయన ఖాతాల్లో చొరబడ్డారు. ఫోన్, ఐప్యాడ్, ల్యాప్‌టాప్ దూరం నుంచే తుడిచేశారు. వాటిలో ఆయన కూతురి ఫోటోలున్నాయి. అడిగితే పేర్లు ఇచ్చేస్తారని తెలిస్తే, నకిలీ అర్జీలతో కంపెనీ సిబ్బందిని బురిడీ కొట్టించేవాళ్ళు ఇంకా పెరుగుతారు. పేర్లకు డిమాండు ఎంతో తెలిసిన ఎక్స్, 2025లో వాడని పేర్లను చెల్లింపు చందాదారులకిచ్చే సొంత బజారు తెరిచింది. అదీ కంపెనీ ఎంచి పెట్టిన పేర్లకే.

మరి సామాన్యుడికి దారేది? ఇన్‌స్టాగ్రామ్ విషయమే తీసుకుందాం. ఫలానా ఖాతా వాడటం లేదు, ఇప్పించండి అని అడిగే ఫారమ్ అక్కడ లేదు. చుక్క, అంకె, అండర్‌స్కోర్ చేర్చి దొరికిన రూపం వాడుకోమంటుంది. ఉన్న ఒకే గట్టి దారి ట్రేడ్‌మార్క్ ఫిర్యాదు. ఉదాహరణకు ‘అమృత’ పేరుతో పచ్చళ్ళు అమ్మే ఒకావిడ ఉందనుకుందాం. ఆన్‌లైన్‌లో ట్రేడ్‌మార్క్ దరఖాస్తుకు వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఒక్కో తరగతికి 4,500 రూపాయలు. రిజిస్ట్రేషన్ రావడానికి నెలలు పడుతుంది. వచ్చినా, ఆ పేరు పట్టుకున్నది అమృత అనే కాలేజీ అమ్మాయి అయితే ఫిర్యాదు నిలవడం కష్టం. ఆమె తన పేరు తాను పెట్టుకుంది, పచ్చళ్ళు అమ్మడం లేదు. అదే పేరుతో ఎవరైనా పచ్చళ్ళే అమ్ముతూ కొనేవాళ్ళను తికమకపెడుతుంటే కేసు బలంగా ఉంటుంది.

మధ్యలో ఎవరో మెసేజ్ పెడతారు: కంపెనీలో మనవాడున్నాడు, ముందు సగం పంపితే పేరు ఇప్పిస్తాను. డబ్బు ముందడిగినా, మీ పాస్‌వర్డో ఓటీపీయో అడిగినా అది మోసమే. ఒకవేళ నిజంగా పేరు చేతికొచ్చినా, అది దొంగిలించినది కావచ్చు. కొనడం, అమ్మడం నిబంధనలకు విరుద్ధం కనుక కంపెనీ ఏ రోజైనా వెనక్కి లాక్కోవచ్చు, ఇచ్చిన డబ్బుకు దిక్కుండదు.

పచ్చళ్ళావిడకు తేలికైన పని amrutapickles లాంటి ఒకే రూపం ఎంచుకుని, ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్, యూట్యూబ్ అన్నిటిలో ఒకే రోజు తీసుకోవడం, సీసా లేబుల్ మీద కూడా అదే అచ్చు వేయించడం. బ్లూస్కై లాంటి కొత్త వేదికలో అయితే సొంత డొమైన్ పేరునే ఖాతా పేరుగా పెట్టుకోవచ్చు. అప్పుడు పేరు ఎవరిదన్న తగవు కంపెనీ దగ్గర ఉండదు. కానీ డొమైన్‌కు ఏటా రుసుము కట్టాలి. గడువు దాటి పట్టించుకోకపోతే ఆ డొమైన్‌ను మరొకరు కొనుక్కోవచ్చు.