లోపల నలుపు, బయట ఎరుపు

సంక్రాంతి సెలవుల్లో తాతయ్య వాళ్ళ ఊరెళ్ళినప్పుడు పాటిదిబ్బ దగ్గర ఒక కుండ పెంకు దొరికింది. అరచేతిలో పట్టేంత ముక్క. కుండ అంచు కూడా కొంచెం మిగిలి ఉంది. లోపల నల్లగా, బయట ఎర్రగా ఉండటం చూసి "ఇది అన్నం వండిన కుండ, మసి పట్టింది" అని తేల్చేసి జేబులో వేసుకున్నాను. ఆర్కియాలజీ చదివిన మా బాబాయి ఫ్రెండ్ ఒకాయన దాన్ని చూసి నవ్వారు. "మసి పొయ్యి మీద బయట పడుతుంది కదయ్యా, లోపల ఎందుకు పడుతుంది?" అన్నారు. ఆ ఒక్క ప్రశ్నతో నా మొదటి ఆన్సర్ తప్పయిపోయింది.

మరి ఆ నలుపు ఎక్కడిది? కుండల్ని కాల్చేటప్పుడు బోర్లించి, లోపల ఆకులు, పొట్టు లాంటివి పెడితే లోపలికీ అంచుకూ గాలి అందదు. అక్కడ కార్బన్ పట్టి మట్టి నల్లబడుతుంది. గాలి తగిలిన బయటి వైపు మట్టిలోని ఇనుము ఆక్సైడ్‌గా మారి ఎర్రబడుతుంది. అంటే ఆ రంగు వంటలో రాలేదు, ఆవంలోనే వచ్చింది. ఇలాంటి నలుపు-ఎరుపు పాత్రలు మన ప్రాంతంలో రాకాసి గూళ్ళనే పాత సమాధుల్లో బాగా దొరుకుతాయి. అయితే సుమారు క్రీ.పూ. 1000 నుంచి క్రీ.శ. తొలి శతాబ్దాల దాకా వీటిని చేస్తూనే ఉన్నారు. కాబట్టి రంగు ఒక్కటే చూస్తే వెయ్యేళ్ళ పైచిలుకు రేంజ్ మాత్రమే వస్తుంది.

తర్వాత మెరుపు చూశాం. నా పెంకు నున్నగా మెరుస్తోంది కాబట్టి గ్లేజ్ అనుకున్నాను. గ్లేజ్ అంటే నిజానికి కరిగి అతుక్కున్న గాజు పొర. ఇంట్లో ఆవకాయ జాడీ పగిలితే అంచు చూడండి, మట్టి మీద గాజు విడిగా కనిపిస్తుంది. నా పెంకు విరిగిన చోట అలాంటి పొర లేదు. కుండ పూర్తిగా ఆరకముందే గులకరాయితో రుద్దితే వచ్చిన మెరుపు అది. ఈ తేడా తెలియకపోతే వయసు లెక్క ఘోరంగా తప్పుతుంది, ఎందుకంటే మన దగ్గర గాజు పూత పెంకులు ఎక్కువగా మధ్యయుగాలవీ ఆ తర్వాతవీ.

మూడోది సారె గుర్తులు. పెంకు లోపలి వైపు వెలుతురు ఏటవాలుగా పడేలా పట్టుకుంటే సన్నటి సమాంతర గీతలు కనిపించాయి. అంటే సారె మీద చేసినదే. కానీ గీతలు లేకపోతే చేత్తో చేసిందని చెప్పెయ్యకూడదు. మన కుమ్మరులు సారె మీద మెడ వరకూ తీర్చి, కింది భాగాన్ని లోపల రాయి ఆనించి బయట చెక్కతో కొట్టి పెంచుతారు. ఆ దెబ్బలకు గీతలు చెరిగిపోతాయి. అందుకే ముందు మెడ ముక్క వెతకాలి.

ఇక వాడకం. అంచు వంపుని బట్టి మూతి ఎంత వెడల్పో లెక్కకట్టొచ్చు. అంచు రెండు చివరల మధ్య తిన్నని దూరం c, మధ్యలో వంపు ఎత్తు h అయితే:

```
r = c²/(8h) + h/2
```

నా పెంకుకి c 6 సెం.మీ., h 0.5 సెం.మీ. వ్యాసార్థం 9.25 వచ్చింది, అంటే మూతి సుమారు 18.5 సెం.మీ. h కొలతలో ఒక మిల్లీమీటరు తేడా వచ్చినా జవాబు చాలా మారుతుంది, అందుకే మూడుసార్లు కొలిచాం. మూతి వెడల్పు, గోడ పల్చన, బయట మసి లేదు. వంటకుండ కాదు, తినడానికో తాగడానికో వాడిన గిన్నె అయ్యుండాలి.

వయసు ఇంకా తగ్గించి చెప్పాలంటే అలంకరణ కావాలి, నా ముక్క మీద ఏమీ లేదు. అలంకరణ ఎంత పనికొస్తుందో పుదుచ్చేరి దగ్గర అరికమేడు చెబుతుంది. 1945లో వీలర్ అక్కడ తవ్వినప్పుడు, పళ్ళెం లోపల చిన్న గాట్లు వలయాలుగా ఉన్న రూలెటెడ్ పెంకులు దొరికాయి. వాటితోపాటు ఇటలీలో చేసిన ఎర్రటి అరెటైన్ పెంకులూ ఉన్నాయి. ఇటలీ పాత్రల కాలం తెలుసు కాబట్టి రూలెటెడ్‌కి కూడా క్రీ.శ. తొలి శతాబ్దమని లెక్కగట్టారు. అమరావతిలోనూ ఇవి దొరికాయి. కానీ రూలెటెడ్ పెంకులు ఇటలీ సరుకు రాకముందే మొదలయ్యాయని తర్వాతి పరిశోధనల్లో తేలింది. వాటి కాలం క్రీ.పూ. రెండు, మూడు శతాబ్దాల దాకా వెనక్కి వెళ్ళింది. మట్టిని పరీక్షిస్తే అవి ఇండియాలో చేసినవే అని కూడా బయటపడింది.

ఈ సవరణ ఎలా సాధ్యమైంది? ఏ పెంకు ఏ పొరలో దొరికిందో రాసిపెట్టారు కాబట్టి. నేను మాత్రం నా పెంకుని జేబులో వేసుకొచ్చాను. "ఎక్కడ, ఎంత లోతులో, దాని పక్కన ఇంకేం ఉన్నాయి?" అని ఆయన అడిగితే నా దగ్గర జవాబు లేదు. పాటిమట్టిని పొలాలకు తోలుకుపోతున్న ట్రాక్టర్లు చేసే పనే నేనూ చిన్న సైజులో చేశాను. ఈసారి కనిపిస్తే ముందు ఫోటో తీసి, లొకేషన్ సేవ్ చేసి, పెంకుని అక్కడే ఉంచేస్తాను.