దుబాయ్‌లో ఉన్నా ఇండియా నంబర్‌కు ఓటీపీ రావాలంటే ఏం చేయాలి?

కవిటి, సోంపేట, కంచిలి వైపు నుంచి గానీ, విజయనగరం జిల్లా నుంచి గానీ గల్ఫ్‌ పనికి వెళ్లేవారు అక్కడ దిగగానే లోకల్ సిమ్ తీసుకుంటారు. ఇండియా సిమ్ తీసి పర్సులో పెట్టేస్తారు. ఇంటితో మాటలకు ఆ లోకల్ సిమ్ చాలు. నెల తిరిగాక ఊళ్లోని బ్యాంకు ఖాతా నుంచి చిట్టీ డబ్బు కట్టాల్సి వచ్చినప్పుడు అసలు ఇబ్బంది తెలుస్తుంది. ఓటీపీ వెళ్లేది పర్సులో ఉన్న సిమ్‌కే మరి.

ఆ సిమ్‌ను విదేశంలో పనిచేయించేదే ఇంటర్నేషనల్ రోమింగ్. దుబాయ్‌లో మీ కంపెనీ టవర్లు ఉండవు. మీ ఫోన్ అక్కడి నెట్‌వర్క్‌ను పట్టుకుంటే, ఆ కంపెనీ ఇండియాలోని మీ కంపెనీని 'ఈ నంబర్ మీదేనా, సేవ ఇవ్వమంటారా?' అని అడుగుతుంది. అవునంటేనే సిగ్నల్ వస్తుంది. మీ నంబర్‌కు రోమింగ్ ఆన్ చేసి లేకపోతే సమాధానం 'వద్దు' అనే వస్తుంది. ఫోన్‌లో 'నో సర్వీస్' కనిపిస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే.

ఇన్‌కమింగ్ కాల్‌కు కూడా డబ్బు ఎందుకు పోతుందన్నది చాలామంది అడిగే ప్రశ్న. సోంపేట నుంచి ఇంట్లోవాళ్లు చేసిన కాల్ ముందు ఇండియాలోని మీ నెట్‌వర్క్‌కే వెళ్తుంది. వారు కట్టేది అక్కడివరకే. అక్కడి నుంచి దుబాయ్ దాకా తెచ్చే ఖర్చు మీది. ప్యాక్ లేకుండా నిమిషానికి 75 రూపాయలు అనుకుందాం. పన్నెండు నిమిషాల మాటకు 900 రూపాయలు. ఎత్తకుండా వదిలేసి, లోకల్ సిమ్ నుంచి తిరిగి చేసుకోవడమే నయం.

ఎస్సెమ్మెస్ సంగతి వేరు. రోమింగ్‌లో వచ్చే మెసేజ్‌లకు మన ప్రధాన కంపెనీలు సాధారణంగా డబ్బు తీసుకోవు. అంటే ఓటీపీ కోసం ఖరీదైన డేటా ప్యాక్ అక్కర్లేదు. రోమింగ్ సేవ ఆన్‌లో ఉండి, సిమ్ ఫోన్‌లో ఉంటే సరిపోతుంది. కొన్ని ప్రీపెయిడ్ నంబర్లకు ఆ సేవ తెరుచుకోవడానికే ప్రత్యేక రీచార్జ్ చేయాలి. అందుకే విమానం ఎక్కకముందే కంపెనీ యాప్‌లో చూసి ఆన్ చేసుకోండి. అక్కడ దిగాక ఇంటి నుంచి ఒక మెసేజ్ పెట్టించుకుంటే, సేవ పనిచేస్తోందో లేదో తెలిసిపోతుంది.

రెండు సిమ్‌ల ఫోన్ అయితే పని తేలిక. మొబైల్ డేటాకు లోకల్ సిమ్‌ను ఎంచుకోండి. ఇండియా సిమ్‌కు 'Data roaming' ఆఫ్‌లో ఉంచండి. లోకల్ సిమ్‌లో నెట్ బలహీనపడగానే ఫోన్ తనంతట తాను రెండో సిమ్ డేటాకు మారే సెట్టింగ్ ఒకటి కొన్ని ఫోన్లలో ఉంటుంది. దాన్నీ ఆపేయాలి. లేదంటే మీరు నిద్రపోతున్నప్పుడు ఫొటోల బ్యాకప్, యాప్ అప్‌డేట్లు రోమింగ్ రేటుకే నడుస్తాయి. వాట్సాప్ మాత్రం పాత నంబర్‌తోనే, లోకల్ సిమ్ డేటా మీద నడుస్తుంది. యాప్ 'నంబర్ మార్చాలా?' అని అడిగితే వద్దనండి.

యూపీఐ విషయంలో ఒక జాగ్రత్త. యాప్‌ను కొత్త ఫోన్‌లో పెట్టుకుంటే, ధ్రువీకరణకు మీ సిమ్ నుంచి ఒక ఎస్సెమ్మెస్ బయటకు వెళ్లాలి. రోమింగ్‌లో అవుట్‌గోయింగ్ మెసేజ్‌కు డబ్బు పడుతుంది. కొత్త ఫోన్ కొనే ఆలోచన ఉంటే బయలుదేరే ముందే ఆ పని ముగించుకోవాలి.

ఇక రెండేళ్ల కాంట్రాక్టు. రోమింగ్ ఆన్ చేసినంత మాత్రాన నంబర్ బతికి ఉండదు. ప్లాన్ గడువు ముగిసిన కొద్ది రోజులకు ఇన్‌కమింగ్ కూడా ఆగిపోతుంది, దాంతో ఓటీపీలూ రావు. ట్రాయ్ నిబంధన ప్రకారం 90 రోజులు వాడకం లేని ప్రీపెయిడ్ నంబర్‌ను కంపెనీ రద్దు చేయొచ్చు. ఖాతాలో 20 రూపాయలు ఉంటే, అంత కోసుకుని 30 రోజులు పొడిగిస్తుంది. అది నంబర్ చేజారకుండా ఆపుతుందే తప్ప, ఓటీపీ వస్తుందన్న హామీ కాదు. కాబట్టి ఇంట్లో ఒకరికి రీచార్జ్ తేదీ గుర్తుపెట్టే బాధ్యత అప్పగించండి. వారు ఊళ్లో ఉండి మీ నంబర్‌కు రీచార్జ్ చేయొచ్చు.

రద్దయిన నంబర్‌ను కనీసం 90 రోజుల తర్వాత వేరొకరికి ఇస్తారు. అప్పటికీ మీ బ్యాంకు ఖాతాలో అదే నంబర్ ఉంటే మీ ఓటీపీ అపరిచితుడి ఫోన్‌కు వెళ్తుంది.

దీర్ఘకాలం ఉండేవారికి ఇంకో దారి ఉంది. ఉద్యోగానికి విదేశం వెళ్లినవారు ఇక్కడి మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా మార్చుకోవాలి. ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాలకు విదేశీ మొబైల్ నంబర్‌తోనూ యూపీఐ వాడుకునే వీలును ఎన్‌పీసీఐ 2023లో కల్పించింది. అప్పుడు ప్రకటించిన పది దేశాల్లో యూఏఈ, సౌదీ అరేబియా, ఖతార్, ఒమన్, సింగపూర్ ఉన్నాయి. మీ బ్యాంకు ఈ సేవ ఇస్తోందో లేదో వెళ్లేముందు బ్రాంచిలోనే కనుక్కోండి.