పన్నెండు వాలాలి, మూడు నిలబడాలి

ఇంగ్లిష్ థీసిస్ చివరి రిఫరెన్సుల్లో ఎక్కువమంది తడబడేది పత్రిక సంపుటి దగ్గరే. ఏపీఏ ఏడో కూర్పు ప్రకారం 12(3) అని ఉంటే 12 ఇటాలిక్‌లో వాలాలి, బ్రాకెట్లతో సహా 3 నిటారుగా ఉండాలి. పత్రిక పేరు కూడా ఇటాలిక్కే, అందులో ముఖ్యమైన పదాలన్నీ పెద్దక్షరంతో మొదలవుతాయి. వ్యాసం పేరు మామూలు అక్షరాల్లో ఉంటుంది. దానిలో మొదటి పదానికీ, కోలన్ తర్వాతి పదానికీ, ఊళ్లూ మనుషుల పేర్ల వంటి విశేష నామాలకూ మాత్రమే పెద్దక్షరం.

ఒక్కో ఎంట్రీనీ ఆసాంతం చదువుకుంటూ పోతే కన్ను మోసపోతుంది. ఒకసారికి ఒక్క అంశమే పట్టుకుని జాబితా అంతా దిగండి. వర్డ్‌లో Advanced Find తెరిచి, ఖాళీ పెట్టెలో Ctrl+I నొక్కితే ఇటాలిక్ భాగాలే దొరుకుతాయి. చివరి విడతలో చుక్కలు చూడండి. డీఓఐ లింకు తర్వాత చుక్క ఉండదు. మీ విశ్వవిద్యాలయం వేరే పద్ధతి అడిగితే మాత్రం అదే చెల్లుతుంది.