నీలి తెర వచ్చినప్పుడు: తప్పు ర్యామ్‌దా, స్లాట్‌దా?

పని మధ్యలో కంప్యూటర్ తెర ఉన్నట్టుండి నీలంగా మారిపోతుంది. ఒక ఏడుపు ముఖం గుర్తు, కింద రెండు మూడు ఇంగ్లిష్ వాక్యాలు కనిపిస్తాయి. చదివేలోపే యంత్రం తనంతట తానే రీస్టార్ట్ అవుతుంది. విండోస్ 11 కొత్త వెర్షన్లలో ఈ తెర నల్లగా వస్తోంది కానీ సంగతి అదే. ఇలా నాలుగుసార్లు జరిగితే మన దగ్గర మొదట వినిపించే సలహా ‘ఫార్మాట్ కొట్టించెయ్’ అని. లోపం ర్యామ్‌లో ఉన్నప్పుడు ఆ సలహా వల్ల డబ్బూ, రోజూ పోతాయి తప్ప రోగం పోదు.

నీలి తెర అంటే విండోస్ కూలిపోవడం కాదు, కావాలని ఆగిపోవడం. తన లోపలి లెక్కల్లో జరగకూడనిది ఏదో జరిగిందని దానికి తెలుస్తుంది. ఇంకా ముందుకు పోతే డిస్కులోని ఫైళ్లు పాడవుతాయని అక్కడికక్కడే పని ఆపేసి, ఒక స్టాప్ కోడ్ చూపిస్తుంది. ఆ కోడ్‌ను ఫోన్‌తో ఫొటో తీసుకోవడం చాలా అవసరం. ప్రతిసారీ ఒకే కోడ్ వచ్చి, పక్కన `.sys` అని ముగిసే ఒకే ఫైలు పేరు కనిపిస్తుంటే మొదట అనుమానించాల్సింది ఆ డ్రైవర్‌ను. అలాకాక ఒకరోజు `MEMORY_MANAGEMENT`, మరోరోజు `IRQL_NOT_LESS_OR_EQUAL`, ఇంకోరోజు `PAGE_FAULT_IN_NONPAGED_AREA` అని మారుతూ వస్తుంటే ర్యామ్ వైపు చూడాలి. పాడైన చోటు ఒకటే అయినా, ఆ చోట ఈరోజు ఏ ప్రోగ్రాం సమాచారం వచ్చి కూర్చుంటుందో చెప్పలేం. అందుకే దెబ్బ రోజుకో చోట తగులుతుంది, పేరు రోజుకోటి కనిపిస్తుంది.

8 జీబీ ర్యామ్‌లో సుమారు 6,870 కోట్ల బిట్లు ఉంటాయి. ఒక్కో బిట్‌కు ఒక్కో చిన్న విద్యుత్ గది. ఆ గది చిల్లు కుండ లాంటిది, నింపిన ఛార్జి కారిపోతూనే ఉంటుంది. అందుకే సాధారణంగా ప్రతి 64 మిల్లీసెకన్లలోపు అన్ని గదులనూ మళ్లీ నింపుతుంటారు. ఏదో ఒక గది మిగతావాటికంటే త్వరగా ఖాళీ అయినా, గదికీ ప్రాసెసర్‌కూ మధ్య దారిలో ఎక్కడైనా స్పర్శ సరిగా లేకపోయినా, 1 అని రాసింది 0 అని తిరిగి వస్తుంది. ఇంట్లో వాడే కంప్యూటర్లలో ఈ తప్పును పట్టి సరిదిద్దే ఏర్పాటు సాధారణంగా ఉండదు. సర్వర్లలో వాడే ఈసీసీ ర్యామ్‌లోనే అది ఉంటుంది.

అంతరిక్షం నుంచి వచ్చే కిరణాలు తగిలి బిట్ మారిపోవడం కూడా నిజంగా జరుగుతుంది. కానీ గూగుల్ సర్వర్లలోని ర్యామ్ మీద జరిగి 2009లో వెలువడిన పెద్ద అధ్యయనం, తప్పుల్లో ఎక్కువ భాగం అలాంటి యాదృచ్ఛికమైనవి కావని, హార్డ్‌వేర్ లోపం వల్ల వచ్చేవేనని తేల్చింది. ఒకసారి తప్పు చూపిన ర్యామ్ మళ్లీ చూపుతుందని కూడా అందులో తేలింది. మెమరీ పరీక్షకు అర్థం ఉండటానికి కారణం ఇదే. మళ్లీ మళ్లీ వచ్చే తప్పునే వెతికి పట్టుకోగలం.

గుంటూరులో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసే మిత్రుడి కంప్యూటర్ సంగతి చెబుతాను. అందులో 8 జీబీ డీడీఆర్4 స్టిక్‌లు రెండు. రెండు పుటల స్ప్రెడ్‌లు పెద్ద పెద్దవి తెరిచినప్పుడు నీలి తెర వచ్చేది. మామూలు బ్రౌజింగ్‌లో ఏమీ ఉండేది కాదు. మెమరీ నిండా వాడినప్పుడే పాడైన చోటు తగులుతుంది కాబట్టి ఇది కూడా ర్యామ్ లక్షణమే. అంతకంటే బాధాకరమైనది ఇంకొకటి. సేవ్ చేసిన కొన్ని ఫొటోల్లో సగం నుంచి కిందికి రంగు చారలు వచ్చాయి. నీలి తెర కనీసం తప్పు జరిగిందని చెబుతుంది, ఈ చారలు ప్రింటుకు వెళ్లేదాకా ఎవరికీ కనపడలేదు. అప్పటికే ఒకసారి ఫార్మాట్ అయింది. ‘ర్యామ్ పోయింది’ అని ఒక సర్వీస్ సెంటర్‌లో ఒక స్టిక్ మార్పించడమూ అయింది. నీలి తెర మాత్రం ఆగలేదు.

మొదట విండోస్‌లోనే ఉన్న పరీక్ష నడిపాం. విండోస్ కీ, R కలిపి నొక్కి ఇది టైపు చేస్తే చాలు:

```
mdsched.exe
```

కంప్యూటర్ రీస్టార్ట్ అయి పరీక్ష మొదలవుతుంది. F1 నొక్కితే ‘ఎక్స్‌టెండెడ్’ అనే లోతైన పరీక్షను ఎంచుకోవచ్చు. ఫలితం ఒక్కోసారి తెర మీద కనిపించకుండా పోతుంది. అప్పుడు ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిచి `MemoryDiagnostics-Results` అనే పేరు వెతకాలి. మిత్రుడి కంప్యూటర్‌లో అది ‘తప్పులేవీ లేవు’ అంది. ఈ పరీక్ష తప్పు చూపిస్తే నమ్మవచ్చు. ఏమీ లేదని చెబితే మాత్రం అక్కడితో ఆగకూడదు.

తర్వాతది MemTest86. ఉచిత వెర్షన్‌ను మరో కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్‌కు ఎక్కించి, ఆ పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయాలి. ఎక్కించేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి ఖాళీది తీసుకోండి. ఇది విండోస్ లేకుండా నడుస్తుంది. ర్యామ్ అంతటా రకరకాల సున్నాలు, ఒకట్ల వరసలు రాసి, తిరిగి చదివి, రాసిందీ చదివిందీ పోల్చి చూస్తుంది. నాలుగు విడతలు పూర్తి కావడానికి గంటలు పడుతుంది, రాత్రి పెట్టి వదిలేయడం మేలు. ఇక్కడ ఒక్క తప్పు వచ్చినా అది తప్పే. ‘ఒకటేగా’ అని సర్దుకోవడానికి వీల్లేదు.

మాకు రెండో విడతలో ఎర్రటి వరసలు మొదలయ్యాయి. రాసింది `FFFFFFFF`, చదివింది `FFFFFBFF`. అడ్రసులు మారుతున్నా తేడా వచ్చే బిట్ మాత్రం ప్రతిసారీ అదే. ఈ రెండు సంఖ్యలనూ కాగితం మీద రాసుకోండి, తర్వాత ఇవే సాక్ష్యం చెబుతాయి.

స్టిక్‌లు ఊడదీసే ముందు బయోస్‌లోకి వెళ్లి XMP ఆపాం. 3200 అని డబ్బా మీద రాసి ఉన్న చాలా డీడీఆర్4 స్టిక్‌లు ఆ వేగంతో నడవడానికి XMP ఆన్ చేసి, వోల్టేజీ 1.2 నుంచి 1.35కు పెంచాలి. అందరి మదర్‌బోర్డూ, ప్రాసెసరూ ఆ వేగాన్ని తట్టుకోవు. XMP ఆపగానే తప్పులు పూర్తిగా పోతే ర్యామ్‌ను నిందించనక్కర్లేదు, కొంచెం తక్కువ వేగంతో వాడుకుంటే సరిపోతుంది. మా విషయంలో వేగం తగ్గినా తప్పులు అలాగే ఉన్నాయి.

ఇప్పుడు అసలు పని. నాలుగు స్లాట్లున్న బోర్డు మీద, ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే సాధారణంగా `A1`, `A2`, `B1`, `B2` అని వరస ఉంటుంది. రెండు స్టిక్‌లుంటే `A2`, `B2`లలో, అంటే రెండో, నాలుగో స్లాట్లలో పెట్టమని ఎక్కువ బోర్డుల మాన్యువల్స్ చెబుతాయి. ఒక్కటే అయితే `A2`. కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే మిగిలిన కరెంటు పోతుంది. క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి తాకి, ఆ తర్వాతే స్టిక్‌ను అంచులతో పట్టుకోవాలి. తిరిగి పెట్టేటప్పుడు గాడి కుదిరిందో లేదో చూసి, క్లిప్పు టక్కుమనేదాకా రెండు చివరలా సమానంగా నొక్కాలి. సగం కూర్చున్న స్టిక్ కూడా అచ్చం పాడైన స్టిక్ లాగే ప్రవర్తిస్తుంది.

మొదటి స్టిక్ ఒక్కదాన్నే `A2`లో పెట్టి పూర్తి పరీక్ష నడిపాం. తప్పు లేదు. దాన్ని తీసి, అదే `A2`లో రెండోదాన్ని పెట్టాం. దానిలోనూ తప్పు లేదు. చాలామంది ఇక్కడే ఆగి ‘రెండూ బాగున్నాయి, లోపం ఇంకెక్కడో ఉంది’ అనుకుంటారు. స్టిక్‌లను పరీక్షించాం కానీ స్లాట్లను ఇంకా పరీక్షించలేదు. మొదటి స్టిక్‌ను `B2`లోకి మార్చగానే మళ్లీ అదే `FFFFFBFF`. రెండో స్టిక్‌ను `B2`లో పెడితే దానికీ అదే బిట్. వేర్వేరు సమయాల్లో కొన్న రెండు స్టిక్‌లకూ ఒకే బిట్ పాడవుతుందా? తప్పు స్టిక్‌తో పాటు వెళ్లడం లేదు, స్లాట్ దగ్గరే ఉండిపోతోంది.

తప్పు స్టిక్‌ను వెంబడిస్తే స్టిక్ మార్చాలి. స్లాట్‌లోనే ఉంటే దుమ్ము, మదర్‌బోర్డు, ప్రాసెసర్ సాకెట్‌లో వంగిన పిన్ను, చివరికి ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలర్ వరకూ వెతకాలి. వీటిలో ఏదో పరీక్ష విడదీసి చెప్పలేదు. విడివిడిగా అన్నీ బాగుండి రెండూ కలిపినప్పుడే తప్పులొస్తే, జత కుదరని స్టిక్‌లనో, XMP వేగాన్నో అనుమానించాలి. ఏది చేసినా ఒకసారికి ఒక్కటే మార్చాలి. స్టిక్, స్లాట్, బయోస్ సెట్టింగ్ మూడూ ఒకేసారి మారిస్తే తప్పు పోయినా ఎందుకు పోయిందో తెలియదు.

ఆ దుకాణం రోడ్డు పక్కనే ఉంది. టార్చి వేసి చూస్తే `B2` లోపల సన్నటి దుమ్ము పేరుకుని ఉంది. బ్లోయర్‌తో ఊది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన మెత్తటి బ్రష్‌తో స్లాట్‌నూ, గుడ్డతో స్టిక్‌ల బంగారు అంచులనూ తుడిచి, పూర్తిగా ఆరాక మళ్లీ పెట్టాం. పెన్సిల్ రబ్బరుతో రుద్దడం మన మెకానిక్కులకు అలవాటు. దాని పొడి స్లాట్‌లో మిగిలిపోతుంది, గట్టిగా రుద్దితే పూత అరిగిపోతుంది, ఆల్కహాల్ ఉంటే రబ్బరు వద్దు. రెండు స్టిక్‌లతో నాలుగు విడతలూ ఒక్క తప్పు లేకుండా పూర్తయ్యాయి. ఇలా శుభ్రం చేసినా పోకపోతే ఆ స్లాట్‌ను వదిలేసి, పెద్ద స్టిక్ ఒక్కటే `A2`లో వాడుకోవడం మదర్‌బోర్డు మార్చడం కంటే చవక.

ర్యామ్ బాగైనంత మాత్రాన అది పాడు చేసిన ఫైళ్లు బాగుపడవు. అందుకే అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఈ రెండూ నడిపాం:

```
sfc /scannow
chkdsk C: /scan
```

మొదటిది విండోస్ ఫైళ్లను చూసి సరిచేస్తుంది, రెండోది డిస్కు లెక్కల్లో తేడాలను చెబుతుంది. చారలు పడిన ఫొటోలను మాత్రం కెమెరా కార్డుల నుంచి మళ్లీ తెచ్చుకోవాల్సి వచ్చింది. లోపం ఉన్న రోజుల్లో తీసిన బ్యాకప్‌లోకీ ఆ చారలే చేరాయి. ఇక చాలా పలుచటి ల్యాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, అక్కడ పరీక్ష నడపగలం కానీ స్లాట్లు మార్చి చూడలేం.

మీ కంప్యూటర్‌లోనూ కోడ్‌లు మారుతూ నీలి తెర వస్తుంటే, ముందు ముఖ్యమైన ఫైళ్లను వేరేచోట భద్రపరచి, ఫార్మాట్‌కు ఇచ్చేలోపు ఒక రాత్రి మెమరీ పరీక్ష నడపండి. తప్పులు చూపించిన తెరను ఫొటో తీసి, ఏ స్టిక్ ఏ స్లాట్‌లో ఉన్నప్పుడు వచ్చాయో రాసి పెట్టుకోండి. లోపం స్టిక్‌దే అని తేలితే బిల్లుతో పాటు ఆ ఫొటోను షాపులో చూపించి, వారంటీ కింద మార్చమని అడగండి.