వాచ్‌మన్ సంతకం పెట్టాడు, జవాబు రాలేదు

ఫీజు కట్టడానికి ఆఖరి రోజు. కళాశాల వెబ్‌సైటులో విద్యార్థులు వివరాలు నింపి బటన్ నొక్కుతున్నారు, తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది. ఓపిక ఉన్నవాళ్లకి ఎనిమిది సెకన్లకు పేజీ వస్తోంది. లేనివాళ్లు మళ్లీ మళ్లీ నొక్కుతున్నారు. ఈలోగా ఫోన్‌లో రెండు జట్ల మధ్య వాదన నడుస్తోంది. "సర్వర్‌లో సీపీయూ పది శాతం కూడా వాడటం లేదండీ, మీ నెట్‌వర్కే స్లో" అంటున్నారు అప్లికేషన్ వాళ్లు. "పింగ్ అర మిల్లీసెకనులో వచ్చేస్తోంది, మా వైపు ఏమీ లేదు" అంటున్నారు నెట్‌వర్క్ వాళ్లు.

ఇది ఉదాహరణ కోసం అల్లిన సందర్భమే. అయినా హైదరాబాద్ ఐటీ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకి ఈ వాదన కొత్త కాదు. ఇద్దరూ చెబుతున్నది నిజమే. అయితే రెండు నిజాలూ ఆ ఎనిమిది సెకన్లు ఎక్కడ పోయాయో చెప్పవు. అది చెప్పగల సాక్షి వేరే ఉంది. తీగ మీద వెళ్లిన ప్రతి ప్యాకెట్‌నూ, అది కదిలిన క్షణంతో సహా రాసిపెట్టుకునే చిట్టా అది. దాన్నే ప్యాకెట్ క్యాప్చర్ అంటారు.

ఆ చిట్టా రాసే పాత పనిముట్టు టీసీపీడంప్. 1988లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో పుట్టింది. బొమ్మలతో, రంగులతో చూపించే వైర్‌షార్క్ 1998లో ఈథరియల్ అనే పేరుతో వచ్చి, 2006లో ఇప్పటి పేరు పెట్టుకుంది. మన ఫీజు వెబ్‌సైటులో ముందున్న వెబ్ సర్వర్ చిరునామా 10.1.1.20, వెనకున్న అప్లికేషన్ సర్వర్ చిరునామా 10.1.1.50 అనుకుందాం. వెబ్ సర్వర్ మీద కూర్చుని ఇచ్చే ఆదేశం ఇంతే:

```
tcpdump -i eth0 -s 96 -w fees.pcap host 10.1.1.50 and port 8080
```

ఇందులో `-s 96` అంటే ప్రతి ప్యాకెట్‌లో మొదటి 96 బైట్లు చాలు అని. కవరు మీది చిరునామా, తపాలా ముద్ర రాసుకుంటాం, లోపలి ఉత్తరం జోలికి పోం. అందువల్ల విద్యార్థుల వివరాలు దాదాపు బయటపడవు. సమాచారం ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నా ఈ పరీక్షకు అడ్డు కాదు. ఎందుకంటే తీర్పు చెప్పేది ఉత్తరంలోని రాత కాదు, కవరు కదిలిన వేళ.

ఒక విద్యార్థి బటన్ నొక్కినప్పటి చిట్టాలో అక్కర్లేని వివరాలు తీసేస్తే ఆరు వరుసలు మిగులుతాయి.

```
10:15:02.000100 10.1.1.20.51514 > 10.1.1.50.8080: Flags [S]
10:15:02.000600 10.1.1.50.8080 > 10.1.1.20.51514: Flags [S.]
10:15:02.000650 10.1.1.20.51514 > 10.1.1.50.8080: Flags [.]
10:15:02.001000 10.1.1.20.51514 > 10.1.1.50.8080: Flags [P.], length 412
10:15:02.001500 10.1.1.50.8080 > 10.1.1.20.51514: Flags [.], length 0
10:15:10.204000 10.1.1.50.8080 > 10.1.1.20.51514: Flags [P.], length 1380
```

మొదటి మూడు వరుసలు హ్యాండ్‌షేక్. "మాట్లాడొచ్చా?" అని ఇవతలి యంత్రం అడుగుతుంది. "మాట్లాడొచ్చు, నేను కూడా మాట్లాడొచ్చా?" అని అవతలిది అంటుంది. "సరే" అని ఇవతలిది ముగిస్తుంది. వీటిని సిన్, సిన్-యాక్, యాక్ అంటారు. మొదటి వరుసకీ రెండో వరుసకీ మధ్య అర మిల్లీసెకను ఉంది. ఒక ప్యాకెట్ వెళ్లి రావడానికి ఈ దారిలో పట్టే కాలం అదే. ఇక మీద ఈ సంభాషణలో ఏ ఆలస్యాన్నైనా ఈ కొలతతోనే పోల్చి చూడాలి.

నాలుగో వరుసలో 412 బైట్ల అభ్యర్థన వెళ్లింది. అర మిల్లీసెకనులో ఐదో వరుస వచ్చింది, "అందింది" అని. ఆ తర్వాత 8.2 సెకన్లు ఏమీ లేదు. అప్పుడు ఆరో వరుసలో జవాబు వచ్చింది.

అసలు కిటుకు ఈ ఐదో వరుసకీ ఆరో వరుసకీ మధ్య ఉంది. అపార్ట్‌మెంట్‌కి రిజిస్టర్డ్ ఉత్తరం వచ్చిందనుకోండి. గేటు దగ్గర వాచ్‌మన్ సంతకం పెట్టి తీసుకుంటాడు. జవాబు రాయాల్సింది మాత్రం పైన మూడో అంతస్తులో ఉన్న మనిషి. సర్వర్‌లో వాచ్‌మన్ పని చేసేది ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్. హ్యాండ్‌షేక్ చేసేదీ, "అందింది" అని సంతకం పెట్టేదీ కెర్నలే. అప్లికేషన్ నిద్రపోతున్నా, ఇంకో పనిలో ఇరుక్కున్నా ఆ రెండూ జరిగిపోతాయి. జవాబు మాత్రం అప్లికేషన్ రాస్తేనే వస్తుంది. సంతకం వెంటనే వచ్చి, జవాబు ఎనిమిది సెకన్లు ఆలస్యమైందంటే దారి బాగుంది, ఇంట్లో ఆలస్యమైంది. నెట్‌వర్క్ జట్టుకి ఇక్కడితో విముక్తి.

అన్ని చిట్టాలూ ఇంత సూటిగా మాట్లాడవు. ఒక్కోసారి `[S]` వెళ్తుంది, బదులు రాదు. సాధారణంగా ఒక సెకను ఆగి మళ్లీ వెళ్తుంది, తర్వాత రెండు సెకన్లకు, ఆపైన నాలుగుకు. ఇలా విరామం రెట్టింపవుతూ మౌనమే మిగిలితే దారిలో ఫైర్‌వాల్ మింగేస్తోందని చాలామంది వెంటనే తేల్చేస్తారు. తరచూ అదే నిజం కూడా. కానీ లినక్స్ సర్వర్‌లో ఇంకో సంగతి ఉంది. అప్లికేషన్ కొత్త కనెక్షన్లను తీసుకోవడంలో వెనకబడి క్యూ నిండిపోతే, కెర్నల్ కొత్తగా వచ్చిన సిన్‌ని చప్పుడు చేయకుండా పారేస్తుంది. దూరం నుంచి చూసేవాడికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. అందుకే అవతలి సర్వర్ మీద కూడా అదే సమయంలో క్యాప్చర్ తీసుకోవాలి. అక్కడ సిన్ కనిపించకపోతే దారిలో పోయింది. కనిపించి కూడా బదులు వెళ్లకపోతే తప్పు ఆ సర్వర్‌లోనే ఉంది, కేబుళ్లు తడిమి లాభం లేదు.

రెండు చోట్లా చిట్టా తీసుకోవాలన్న ఈ నియమం పాటించకపోవడం వల్లే ఎక్కువ తగాదాలు తెగకుండా మిగులుతాయి.

పంపిన ప్యాకెట్‌కి సంతకం రాకపోతే టీసీపీ దాన్ని తిరిగి పంపుతుంది. అది రీట్రాన్స్‌మిషన్. వైర్‌షార్క్‌లో `tcp.analysis.retransmission` అని వడపోస్తే అవన్నీ నల్లని వరుసలుగా దిగుతాయి, చూసినవాళ్లు బెదిరిపోతారు. వైఫై ఉన్న దారిలో అడపాదడపా ఒకటి పోయి మళ్లీ వెళ్లడం మామూలే. ఎన్ని పోయాయన్నదాని కంటే ఏవి పోయాయన్నది ఎక్కువ చెబుతుంది.

దీనికి చక్కని నమూనా వీపీఎన్ ద్వారా పనిచేసే శాఖా కార్యాలయాల్లో కనిపిస్తుంది. లాగిన్ పేజీ వస్తుంది, పేరూ పాస్‌వర్డూ వెళ్తాయి. ఫైలు అప్‌లోడ్ మొదలుపెట్టగానే మాత్రం అంతా బిగుసుకుపోతుంది. చిట్టాలో హ్యాండ్‌షేక్ శుభ్రంగా ఉంటుంది, చిన్న ప్యాకెట్లకు సంతకాలు వస్తాయి. దాదాపు 1450 బైట్లున్న నిండు ప్యాకెట్లు మాత్రం ఒక్కటీ దాటవు, మళ్లీ మళ్లీ అదే ప్యాకెట్ వెళ్తూ ఉంటుంది. ఈథర్‌నెట్ మీద ప్యాకెట్ 1500 బైట్ల దాకా ఉండొచ్చు. వీపీఎన్ దానికి తన పొర ఒకటి చుట్టడంతో లోపల చోటు తగ్గుతుంది. పట్టని ప్యాకెట్ వచ్చినప్పుడు "చిన్నవి పంపు" అని రౌటర్ ఐసీఎంపీ కబురు వెనక్కి పంపాలి. భద్రత పేరుతో ఎవరో ఫైర్‌వాల్‌లో ఐసీఎంపీ మొత్తాన్నీ ఆపేసి ఉంటే ఆ కబురు చేరదు. పింగ్‌ని కూడా ఆపేసే చోట అనుమానమైనా వస్తుంది. దాన్ని మాత్రం అనుమతించి తక్కిన ఐసీఎంపీని ఆపేస్తే చిన్న పింగ్ హాయిగా వెళ్లివస్తూ అందర్నీ మోసం చేస్తుంది. ఇక్కడ తప్పు నూటికి నూరు పాళ్లూ నెట్‌వర్క్‌దే.

రీసెట్ సంగతి వేరు. చిట్టాలో `[R]` అని కనిపించేది మాట మధ్యలో ఫోన్ పెట్టేయడం లాంటిది. ఎవరు పెట్టేశారన్నదే ప్రశ్న. సిన్ వెళ్లిన వెంటనే, వెళ్లివచ్చే కాలంలోనే రీసెట్ వస్తే చాలాసార్లు ఆ పోర్టు దగ్గర వినే ప్రోగ్రామే లేదని అర్థం, అంటే అప్లికేషన్ పడిపోయి ఉంది. గంటసేపు మాటామంతీ లేకుండా ఉన్న కనెక్షన్‌లో మొదటి మాటకే రీసెట్ వస్తే, మధ్యలో ఏ ఫైర్‌వాలో లోడ్ బ్యాలెన్సరో ఆ కనెక్షన్‌ని మరిచిపోయిందేమో చూడాలి. ప్యాకెట్‌లో టీటీఎల్ అనే అంకె ఉంటుంది. రౌటర్ దాటిన ప్రతిసారీ అది ఒకటి తగ్గుతుంది. సర్వర్ నుంచి వచ్చిన ప్యాకెట్లన్నిటి మీదా 57 ఉండి, రీసెట్ మీద మాత్రం 250 ఉంటే, అది పంపింది ఆ సర్వర్ కాదని గట్టిగా అనుమానించవచ్చు.

ఇలాంటి పరీక్షే 2007లో అమెరికాలో ఒక పెద్ద సంస్థను పట్టించింది. కామ్‌కాస్ట్ ఇంటర్నెట్ వాడేవాళ్లు బిట్‌టొరెంట్‌లో ఫైళ్లు పంచుతుంటే కనెక్షన్లు తెగిపోయేవి. అసోసియేటెడ్ ప్రెస్ విలేకరులు, ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ పరిశోధకులు రెండు చివర్లా చిట్టాలు తీసి పోల్చారు. ఇటు వాళ్లకి అటు నుంచి వచ్చినట్టుగా రీసెట్‌లు అందాయి. అటు చిట్టాలో మాత్రం అవి పంపిన దాఖలాయే లేదు. మధ్యలో కూర్చున్న యంత్రం అవతలివాళ్ల పేరు పెట్టి వాటిని సృష్టించింది. 2008లో అమెరికా సమాచార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ ఆ పద్ధతిని తప్పుపట్టింది. దానికి ఆ అధికారం లేదని 2010లో కోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది గానీ, చిట్టాలు చూపించిన వాస్తవం మారలేదు.

చిట్టా కూడా కొన్నిసార్లు తప్పు చెబుతుంది. పంపే యంత్రం మీదే క్యాప్చర్ తీస్తే, 1500 బైట్లను మించిన ప్యాకెట్లు, చెక్‌సమ్ తప్పుందనే హెచ్చరికలు కనిపించవచ్చు. ముక్కలు చేయడం, చెక్‌సమ్ లెక్కించడం ఆ తర్వాత నెట్‌వర్క్ కార్డు చేసే పని కాబట్టి అలా కనిపిస్తాయి, అవి జబ్బు లక్షణాలు కావు. కనిపించని ప్యాకెట్‌కి అవతలివాళ్లు సంతకం పెట్టినట్టుంటే, పోయింది ప్యాకెట్ కాదు, దాన్ని రాసుకోవడంలో క్యాప్చర్ వెనకబడింది.

ఇక ఫీజు వెబ్‌సైటు. తప్పు అప్లికేషన్ వైపు అని తేలినా పని పూర్తి కాలేదు. ఎందుకంటే ఆ అప్లికేషన్ కూడా ఇంకొకరిని అడిగి జవాబు చెబుతుంది. ఈసారి 10.1.1.50 మీద కూర్చుని, అక్కడి నుంచి డేటాబేస్‌కి వెళ్లే 5432 పోర్టు మీద క్యాప్చర్ తీశారు. అదే కథ మళ్లీ కనిపించింది. ప్రశ్న వెళ్లింది, అర మిల్లీసెకను లోపే సంతకం వచ్చింది, జవాబుకి 8.19 సెకన్లు పట్టింది. అప్లికేషన్ సర్వర్‌లో సీపీయూ ఖాళీగా ఉండటానికి కారణం కూడా అదే, అది ఎదురుచూస్తూ కూర్చుంది. డేటాబేస్‌లో చూస్తే, హాల్ టికెట్ నంబరుతో వెతికే ప్రతిసారీ చెల్లింపుల పట్టికనంతా మొదటి నుంచి చివరిదాకా చదువుతోంది, ఆ నంబరు మీద ఇండెక్స్ లేదు. ఇండెక్స్ పెట్టాక మళ్లీ తీసిన చిట్టాలో ఐదో వరుసకీ ఆరో వరుసకీ మధ్య విరామం 30 మిల్లీసెకన్లకు దిగింది. ఒక్క కేబుల్ గానీ, ఫైర్‌వాల్‌లో ఒక్క నియమం గానీ మార్చలేదు.