వంగాలి కానీ విరగకూడదు

చిన్న సర్క్యూట్ బోర్డుకు త్రీడీ ప్రింటర్‌తో పెట్టె చేసుకునేవాళ్లు స్క్రూల బదులు మూతకు క్లిప్పులు పెడుతుంటారు. క్లిప్ అంటే ఒక చివర మూతకు అంటుకుని, రెండో చివర చిన్న కొక్కెం ఉండే సన్నటి పట్టీ. మూత నొక్కితే పట్టీ పక్కకు వంగుతుంది, కొక్కెం గాడిలో పడగానే మళ్లీ నిటారవుతుంది. నాలుగైదుసార్లు తీసి పెట్టేసరికి మొదట్లో విరిగేది కూడా ఈ పట్టీయే.

పట్టీ వంగినప్పుడు దాని ఒక ముఖం సాగుతుంది. ఆ సాగుదల మొదట్లోనే అన్నిచోట్లకన్నా ఎక్కువ. అది ఎంతో చెప్పే లెక్క ఇది:

```
ε = 3hy / (2L²)
```

h పట్టీ మందం, y కొక్కెం పక్కకు జరిగే దూరం, L పొడవు. పొడవు 10 మి.మీ., మందం 2 మి.మీ. ఉన్న పట్టీ 1 మి.మీ. వంగితే మొదట్లో సాగుదల 3 శాతం. ప్రింట్ చేసిన పీఎల్‌ఏకి ఇది ప్రమాదకరం. దాన్ని 2 శాతం లోపే ఉంచడం మేలు.

క్లిప్ విరిగితే చాలామంది దాన్ని ఇంకా మందంగా గీస్తారు. జరగాల్సింది దానికి సరిగ్గా వ్యతిరేకం: మందం పెరిగినకొద్దీ సాగుదలా పెరుగుతుంది. అలాగని మందాన్ని సగం చేస్తే సాగుదల సగమవుతుంది కానీ, పట్టీ బిగువు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. పొడవు పెంచడమే మంచి దారి. అదే 2 మి.మీ. పట్టీని 14 మి.మీ. పొడవు చేస్తే సాగుదల దాదాపు 1.5 శాతానికి దిగుతుంది, బిగువు మూడో వంతుకు పైగా మిగులుతుంది. పట్టీ మూతను కలిసే మూలను మందంలో సగం వ్యాసార్ధంతో గుండ్రం చేయాలి. పదునైన మూలలోనే పగులు పుడుతుంది.

ఈ లెక్కంతా సరిగ్గా ఉన్నా పొరల దిశ తప్పితే ఫలితం ఉండదు. మూతను బల్లపరుపుగా ప్రింట్ చేస్తే క్లిప్పులు నిలువుగా లేస్తాయి, పొరలు పట్టీకి అడ్డంగా పడతాయి. వంగినప్పుడు పొరకూ పొరకూ మధ్య అతుకు విడిపోతుంది. విరిగిన చోటు చూస్తే తెలిసిపోతుంది: కోసినట్టు చదునుగా, పొర గీత వెంబడే ఉంటే తప్పు దిశదే. గరుకుగా, చిరిగినట్టు ఉంటే సాగుదల ఎక్కువైందని అర్థం. అందుకే క్లిప్పును విడిగా, పక్కకు పడుకోబెట్టి ప్రింట్ చేసి, మూతలో చేసిన గాడిలో దూర్చడం ఉత్తమం. అప్పుడు ప్లాస్టిక్ దారాలు పట్టీ పొడవునా సాగుతాయి.

రోజూ తీసే మూతకు పీఎల్‌ఏ కన్నా పీఈటీజీ నయం, నైలాన్ ఇంకా నయం. ఇక మూత పడ్డాక పట్టీ పూర్తిగా నిటారై ఉందో లేదో తప్పక చూడాలి. కొంచెం వంగి ఉండిపోయినా పీఎల్‌ఏ నెమ్మదిగా ఆ వంపుకే అలవాటుపడి పట్టు వదిలేస్తుంది, ఎండలో నిలిపిన కారులోనైతే మరీ త్వరగా.